కౌగిలింత ఫొటో కింద ఏం రాయాలి?

విమానాశ్రయంలో తీసుకున్న ఫొటోలకి మనవాళ్లు పెట్టే క్యాప్షన్లు చూస్తుంటే ఒక విచిత్రం కనబడుతుంది. ఫొటోలో ఇద్దరూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటారు. కింద రాత మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తుంటుంది. ‘కాలం విడదీసినా మనసులు విడిపోలేదు’, ‘మాటలకందని క్షణం’, ‘నా ప్రాణం తిరిగొచ్చింది’. ఇవి అబద్ధాలని అనను. రాసినవాళ్లకి ఆ క్షణాన నిజంగానే అలా అనిపించి ఉండొచ్చు. కాకపోతే ఆ వాక్యాలు ఎవరి ఫొటో కింద పెట్టినా సరిపోతాయి. పెళ్లిరోజుకీ పనికొస్తాయి, పదవీ విరమణకీ పనికొస్తాయి. ఇన్నేళ్ల తర్వాత దిగిన ఈ ఫలానా మనిషి గురించి అందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

ఈ అలవాటుకి సగం బాధ్యత మన సినిమాలదే అని నా అనుమానం. తెలుగు సినిమాలో విమానాశ్రయం అంటే వెళ్లిపోయే చోటు. క్లైమాక్సులో హీరోయిన్ ఫ్లైటెక్కబోతుంటుంది, హీరో ట్రాఫిక్ దాటుకుంటూ, సెక్యూరిటీ వాళ్లను తోసుకుంటూ పరుగెత్తుకొస్తాడు. అక్కడ కన్నీళ్లు, వయొలిన్లు, పెద్ద పెద్ద మాటలు ఉండాల్సిందే. ఆ మాటలన్నీ డిపార్చర్స్ తాలూకు మాటలు. మనమేమో అరైవల్స్ దగ్గర, ట్రాలీ పక్కన నిలబడి అవే వాడుతున్నాం. 2003లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా ‘లవ్ యాక్చువల్లీ’ ఇందుకు తిరగేసిన పని చేసింది. లండన్ హీత్రో విమానాశ్రయం అరైవల్స్‌లో మామూలు ప్రయాణికులు తమవాళ్లను కలుసుకుంటుంటే తీసిన దృశ్యాలతో అది మొదలవుతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో మనకి చెప్పరు. అయినా చూస్తూ కూర్చుంటాం.

అంటే ఆనందాన్ని చూపించే పని ఫొటోనే చేసేస్తుంది. దాన్నే మళ్లీ మాటల్లో చెబితే, అప్పటికే నవ్వుతున్నవాడి పక్కన నిలబడి ‘చూడండి, నవ్వుతున్నాడు’ అన్నట్టుంటుంది. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1964లో బొమ్మకీ దాని పక్కన ఉండే రాతకీ ఉన్న సంబంధం గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన లెక్కన రాత రెండు రకాల పనులు చేస్తుంది. బొమ్మకి నాలుగు అర్థాలు తీయొచ్చు అనుకున్నప్పుడు ఇదీ అర్థం అని లంగరు వేసి నిలపడం ఒకటి. బొమ్మలో లేని దాన్ని తెచ్చి దానికి జోడించడం రెండోది. ఇద్దరు స్నేహితులు వాటేసుకున్న ఫొటోకి మొదటి పనితో పెద్దగా అవసరం లేదు, చూసినవాడికి విషయం అర్థమైపోతుంది. కావలసింది రెండోదే. ఎన్నేళ్లయింది, వీళ్లిద్దరి మధ్యా ఏముంది, కలవగానే మొదట ఏమన్నారు అన్నవి ఫొటోలో కనబడవు. క్యాప్షన్‌కి చోటు అక్కడుంది.

అందుకే రాయడానికి ముందు ఫొటోను ఒకసారి నిదానంగా చూడాలి. మన విమానాశ్రయాల్లో టికెట్టు లేనివాళ్లు మామూలుగా టెర్మినల్ బయటే, రెయిలింగు అవతల నిలబడాలి. అమెరికా నుంచీ గల్ఫ్ నుంచీ శంషాబాద్‌కి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు దిగుతాయి. దాంతో ఈ ఫొటోలన్నీ దాదాపు ఒకేలా వస్తాయి. నెత్తిమీద నుంచి పడే తెల్లటి లైటు, కళ్లకింద నీడలు, వెనకాల డ్రైవర్లు పట్టుకున్న పేర్ల బోర్డులు, ఇరవై గంటల పైగా ప్రయాణం చేసిన మనిషి నలిగిన చొక్కా. వాటేసుకున్న క్షణంలో తీసినదైతే ఒకరి మొహం మరొకరి భుజంలో దూరిపోయి, చూసేవాళ్లకి రెండు వీపులే మిగులుతాయి. నన్నడిగితే అసలు ఫొటో దాని తర్వాతది. కౌగిలి విడిచి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, చేతులంత దూరంలో నిలబడి ‘ఏంట్రా ఇలా అయిపోయావ్’ అని ఎగాదిగా చూసుకుంటారే, అది. రెండు మొహాలూ కనబడతాయి. పైగా ఆ క్షణంలో నోట్లోంచి ఊడిపడే మాట తరచు సగం క్యాప్షన్ అయి కూర్చుంటుంది.

ఫొటోలో ఒకరు ఏడుస్తూ కనబడినా క్యాప్షన్ ఏడవనక్కర్లేదు. సంతోషం పట్టలేనప్పుడు కన్నీళ్లు రావడం మీద యేల్ విశ్వవిద్యాలయంలో ఒరియానా అరగాన్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. ఒక భావం మరీ ఎక్కువైపోయినప్పుడు దానికి ఎదురుగా కనబడే ఇంకో భావాన్ని బయటపెట్టి మనిషి మళ్లీ కుదురుకుంటాడేమో అన్నది వాళ్ల ఆలోచన. ముద్దొచ్చే పసిపాప బుగ్గ గిల్లి ‘కొరికేస్తా’ అనడం కూడా ఆ కోవలోదేనట. అర్ధరాత్రి రెయిలింగు దగ్గర ఏడ్చినావిడ దుఃఖంలో లేదు, కుదుటపడుతోంది. క్యాప్షన్ రాసేటప్పటికి ఎలాగూ మర్నాడు మధ్యాహ్నం అవుతుంది. అప్పటికి ఇద్దరూ కుదుటపడి పెసరట్టు తింటుంటారు. రాత ఆ మధ్యాహ్నపు గొంతులో ఉంటే బాగుంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చూద్దాం. మా మేనకోడలూ, దాని స్నేహితురాలూ వరంగల్లో ఇంజనీరింగ్ కలిసి చదివారు. ఒకే హాస్టల్ గది. ఆ అమ్మాయి 2017లో ఎమ్మెస్‌కని టెక్సస్ వెళ్లింది. చదువు అయ్యి, ఉద్యోగం దొరికి, ఇక ఒకసారి ఇంటికొచ్చి వెళదామనుకునే సమయానికి 2020 మార్చి వచ్చింది. మన దేశానికి మామూలు అంతర్జాతీయ విమానాలు అప్పుడు ఆగిపోయి, మళ్లీ పూర్తిగా మొదలయ్యేసరికి 2022 మార్చి చివరి వారం. ఆ తర్వాత హెచ్-1బీ తంటా. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు దాటినవాళ్లు ఇండియా వస్తే, ఇక్కడి కాన్సులేట్‌లో కొత్త ముద్ర వేయించుకుంటేగానీ తిరిగి వెళ్లలేరు. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఉద్యోగం గాల్లో వేలాడుతుంది. ఆ భయంతో ఇంకొన్నాళ్లు గడిచాయి. మొత్తానికి 2024 డిసెంబర్లో దిగింది. మా మేనకోడలు ఫొటో పెడుతూ, ముందు నాకు పంపి ‘మామయ్యా, ఎలా ఉంది?’ అని అడిగింది.

మొదటిసారి రాసినది ఇలా ఉంది: ‘ఏడు సుదీర్ఘ సంవత్సరాల నిరీక్షణ, లెక్కలేనన్ని వీడియో కాల్స్, ఎన్నో కన్నీళ్ల తర్వాత నా ఆత్మబంధువు నా కళ్లముందు నిలిచిన ఈ క్షణాన్ని వర్ణించడానికి మాటలు చాలవు.’ పక్కన ఎర్ర గుండెలు వరుసగా.

దీంట్లో నాకు కష్టం కలిగించినది గుండెల వరుస కాదు. ‘మాటలు చాలవు’ అని చెప్పడానికి అన్ని మాటలు ఖర్చుపెట్టింది, సరే. దానికన్నా అసలు ఇబ్బంది, ఆ అమ్మాయి ఎలాంటిదో ఇందులో లేకపోవడం. మా మేనకోడలు మామూలుగా మాట్లాడే తెలుగు కూడా లేదు. ‘సుదీర్ఘ’, ‘నిరీక్షణ’ అన్న మాటలు అది నోటితో అనగా నేనెప్పుడూ వినలేదు. స్నేహితురాలి ముందు నిలబడి ఈ వాక్యాన్ని గట్టిగా చదవమంటే సగంలో ఇద్దరూ పడి పడి నవ్వుతారు. క్యాప్షన్ మోతాదు దాటిందా లేదా తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. ఎవరి గురించి రాశామో వాళ్ల మొహం చూస్తూ చదవగలమా? చదివితే వాళ్లు ‘ఆపవే బాబూ’ అంటే దాటినట్టే.

‘ఇది కాదుగానీ, బయటికి రాగానే నువ్వేమన్నావు?’ అని అడిగాను.

‘ఏమీ అనలేదు, అరిచాను.’

‘అదేమంది?’

‘నీ జుట్టేమైందే అంది.’

‘నువ్వు?’

‘నా డ్రాఫ్టర్ ఏదే అన్నాను.’

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివినవాళ్లకి డ్రాఫ్టర్ గురించి చెప్పక్కర్లేదు. చదవనివాళ్ల కోసం: డ్రాయింగ్ బోర్డుకి బిగించి గీతలు గీసుకునే రెండు చేతుల పరికరం అది. బస్సుల్లో విద్యార్థుల భుజాలకి వేలాడుతూ పక్కవాళ్ల డొక్కలో గుచ్చుకుంటూ ఉండేది. మొదటి ఏడాదికి తప్ప మళ్లీ దాని అవసరం పెద్దగా ఉండదు కాబట్టి ఒకరి దగ్గర అరువు తీసుకోవడం, తిరిగివ్వకపోవడం ఆనవాయితీ. ఈ అమ్మాయి కూడా ఒకరోజు ల్యాబుకని తీసుకుని మళ్లీ ఇవ్వలేదు. అది ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలియదు. ఇంతకాలం ఫోన్లో మాట్లాడుకున్నప్పుడల్లా ఆ గొడవ వస్తూనే ఉందట.

దాంతో రెండో రాత: ‘ఏడేళ్ల తర్వాత మా బంగారం దిగింది, కానీ నా డ్రాఫ్టర్ మాత్రం ఇంకా తేలేదు, అయినా సరే నిన్ను క్షమించేశా ఎందుకంటే నువ్వే నా డ్రాఫ్టర్ కన్నా ముఖ్యం.’ చాలా దగ్గరికొచ్చింది. చివర్లో మాత్రం భయపడింది. జోకు వేసి, ఎవరైనా నిజమనుకుంటారేమోనని వెంటనే ప్రేమ ఉందని సంజాయిషీ ఇచ్చుకుంది. ఫొటోలో ఆ రెండు మొహాలు చూసినవాడెవడూ డ్రాఫ్టర్ కోసం స్నేహం తెగిపోతుందని అనుకోడు. సంజాయిషీ ఇచ్చే పని ఫొటో చేస్తోంది కాబట్టి దాన్ని తీసేయొచ్చు. ‘మా బంగారం’ కూడా అక్కర్లేదు.

చివరికి పెట్టినది ఇది: ‘ఏడేళ్ల తర్వాత దిగింది. డ్రాఫ్టర్ మాత్రం తేలేదు.’

ఇందులో ఒకే ఒక్క అంకె ఉంది, ఏడు. కోవిడ్, వీసా, కాన్సులేట్ ఏవీ లేవు. అవన్నీ తెలిసినవాళ్లు ఆ ఏడులోనే చదువుకుంటారు, తెలియనివాళ్లకి ఏడు చాలు. డ్రాఫ్టర్ అంటే తెలియని బంధువులకి కూడా, ఏదో పాత బాకీ ఉంది, అది ఇంకా తీరలేదు, వీళ్లకి అది తీరడం ఇష్టం లేదు అని తెలిసిపోతుంది. ఆశ్చర్యార్థకం లేదు. ఉన్నట్టయితే నవ్వు చచ్చిపోయేది. మొహం సీరియస్‌గా పెట్టి చెప్పే జోకుకి చుక్కే సరైన ముగింపు.

ఇలాంటి చోట్ల తెలుగులో క్రియాపదమే చాలా బరువు మోస్తుంది. ‘వచ్చింది’ అంటే సమాచారం. ‘వచ్చేసింది’ అంటే ఇంతసేపూ ఎదురుచూశామనీ, ఇక ఫరవాలేదనీ అందులోనే వచ్చేస్తుంది. ‘దిగింది’ అంటే కొంచెం వెటకారం, బోలెడంత చనువు. మామూలుగా మన ఇంటికి ‘దిగేది’ సామానుతో సహా వచ్చి మంచం ఆక్రమించే చుట్టాలు కదా. ‘మొత్తానికి’, ‘ఆఖరికి’ లాంటి మాటలు కూడా అంతే, ఎన్నిసార్లు టికెట్లు బుక్ చేసి రద్దు చేసుకున్నారో చెప్పకుండానే చెబుతాయి. ఇవి చేతిలో ఉండగా ‘సుదీర్ఘ నిరీక్షణ’ దాకా పోనక్కర్లేదు.

పొట్టిగా రాయమనడానికి సాంకేతిక కారణం కూడా ఒకటుంది. ఇన్‌స్టాగ్రామ్ ఒక క్యాప్షన్‌లో 2,200 క్యారెక్టర్ల దాకా రాయనిస్తుంది గానీ, ఫొటో కింద వెంటనే కనబడేది సుమారు మొదటి 125 మాత్రమే. మిగిలినది చదవాలంటే నొక్కాలి, నొక్కేవాళ్లు తక్కువ. తెలుగులో ఆ 125 ఇంకా తొందరగా అయిపోతాయి. మనం ఒక అక్షరం అనుకునేదాన్ని ఫోను హల్లు, వత్తు, గుణింతం కింద విడివిడిగా లెక్కపెట్టుకుంటుంది. ‘స్నేహితుడు’ మన కంటికి నాలుగు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో పది. మా మేనకోడలి మొదటి రాతలో ‘మాటలు చాలవు’ అన్నది ఆ గీత దాటి పడిపోతుంది. అంటే చదివేవాళ్లకి కన్నీళ్లే కనబడి వాక్యం మధ్యలో తెగిపోతుంది. డ్రాఫ్టర్ క్యాప్షన్ మొత్తం యాభై లోపు. చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే వచ్చేయాలన్నది ఇక్కడ అందం కోసం మాత్రమే కాదు.

సరదాగా రాయాలనుకునేవాళ్లకి మన పత్రికల ఫొటో క్యాప్షన్ చేతికందే దూరంలో ఉన్న మంచి పనిముట్టు. తెలుగు దినపత్రికల్లో ఆ వాక్యానికి ఒక ప్రత్యేకమైన కట్టు ఉంది. క్రియతో ముగియదు, మనిషితో ముగుస్తుంది. ‘విమానాశ్రయంలో మంత్రికి పుష్పగుచ్ఛం అందజేస్తున్న నాయకులు. చిత్రంలో ఎమ్మెల్యే తదితరులు.’ చిన్నప్పట్నుంచీ చదివిన గొంతు కాబట్టి చూడగానే గుర్తుపడతాం. దాన్ని ఇద్దరు మామూలు మనుషుల మీద పెడితే చాలు, నవ్వొస్తుంది. ‘శంషాబాద్‌లో మిత్రుడి సూట్‌కేసు బరువు చూసి దిగ్భ్రాంతి వ్యక్తం చేస్తున్న స్థానికుడు. చిత్రంలో ఊరగాయ ఆశిస్తున్న బంధువులు తదితరులు.’ ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. రాసినవాడి మనసు బయటపడదు, అందుకని ఫొటోలో అది ఇంకా బాగా బయటపడుతుంది. ఏడుపు మొహాలతో దొరికిపోయిన మగపిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. వాళ్లకి మామూలుగా ‘మిస్ యూ రా మామా’ తప్ప ఇంకోటి రాయాలంటే సిగ్గు.

‘రా’ దగ్గర కొంచెం ఆగాలి. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఎంత చనువుగా ఉన్నా, క్యాప్షన్ చదివేది ఆ ఇద్దరే కాదు. ‘ఒరేయ్, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా’ అని నేరుగా అతన్నే పిలిచినట్టు రాస్తే మనకి అందంగానే ఉంటుంది, అతని కింద పనిచేసేవాళ్లు చూసినా పెద్దగా ఫరవాలేదు. ఆడపిల్లల విషయం ఇంకా సున్నితం. స్నేహితురాలిని ‘అది’ అనడం వాళ్ల మధ్య అచ్చమైన చనువు. అదే మాట ఆ అమ్మాయి అత్తగారు ఫోన్లో చదివితే ఇంకోలా వినబడుతుంది. డ్రాఫ్టర్ క్యాప్షన్‌లో ‘అది’ అన్న మాట రాయకుండానే ‘దిగింది’ అని పని జరుపుకోవడం తెలుగు ఇచ్చిన సౌకర్యం. కర్త లేకుండా వాక్యం నిలబడుతుంది, చనువు మిగులుతుంది, ఎవరికీ నొప్పి తగలదు. వయసులో పెద్దవాళ్ల స్నేహాలు మళ్లీ వేరు. కలిసి పాఠాలు చెప్పి రిటైరైన ఇద్దరు మాస్టార్లు నలభై ఏళ్లు స్నేహం చేసినా ఒకరినొకరు ‘మీరు’ అనే అనుకుంటారు. కూతురి దగ్గర ఆస్ట్రేలియాలో ఉండి వచ్చిన ఆయన కోసం ఈయన విమానాశ్రయానికి వెళితే, మనవడు ఫొటో తీసి ‘బెస్టీస్’ అని పెట్టేస్తాడు. ఆ ఇద్దరికీ సరిపడేది ‘శాస్త్రిగారు వచ్చారు. చదరంగం బల్ల దుమ్ము దులిపాం’ లాంటిది. ఆ ‘గారు’లోనే నలభై ఏళ్లూ ఉన్నాయి.

ఇన్‌స్టాగ్రామ్ గొడవే లేని ఫొటోలు మన దగ్గర ఇంకా ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడ పనిచేసి, సెలవు దొరికినప్పుడు వస్తారు. స్నేహితులు ఊళ్లోంచి జీపో కారో మాట్లాడుకుని రాత్రికి రాత్రే శంషాబాద్ చేరతారు. వాళ్ల ఫొటోలో ట్రాలీ మీద తాడుతో కట్టిన అట్టపెట్టె ఉంటుంది. దాని నాలుగు వైపులా మార్కర్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాల్లో పేరు, ఊరు, మండలం, ఫోన్ నెంబరు. పెట్టె తప్పిపోతే దొరకాలని. ఫొటో పోయేది ఊరి వాట్సాప్ గ్రూపులోకి, దాని కింద ‘అన్న ఒచ్చిండు’ అని ఒక్క ముక్క. నేను చూసిన వాటిల్లో ఇంతకన్నా మంచి క్యాప్షన్ అరుదు. ఎవరు, ఎక్కడ్నుంచి అన్న వివరాలు పెట్టె మీదే ఉన్నాయి, సంతోషం మొహాల్లో ఉంది, మాటకి మిగిలింది వార్త మాత్రమే. ఆ యాసను ‘సోదరుడు విచ్చేశాడు’ అని సవరించాలనిపించే చదువుకున్న తమ్ముళ్లకి ఒక్కటే విన్నపం, ఆ గ్రూపు జోలికి పోకండి. పెట్టె మీది ఫోన్ నెంబరు ఒక్కటీ బయట పెట్టేముందు వేలితో గీకేస్తే చాలు.

హాస్యం అన్నిటికీ మందు కాదు. ఏళ్ల ఎడం అంటే మధ్యలో మంచి మాత్రమే జరిగి ఉండదు. 2020, 2021ల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకుని, విమానాలు లేక చివరిచూపుకి రాలేకపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి మనిషి ఆ తర్వాత మొదటిసారి వస్తున్నప్పుడు రెయిలింగు దగ్గరి కౌగిలిలో రెండూ కలిసి ఉంటాయి. అక్కడ డ్రాఫ్టర్ జోకు పొరపాటు. అలాగని ‘నాన్న లేని ఇంటికి’ అని రాయడం ఇంకా పెద్ద పొరపాటు. అది ఆ మనిషి చెప్పుకోవాల్సిన మాట, స్నేహితుడు తన గోడ మీద రాసేది కాదు. ఫొటో పెట్టకపోయినా కొంపలేమీ మునగవు. పెట్టాలని ఇద్దరూ అనుకుంటే ‘వచ్చేశాడు’ అన్న ఒక్క మాట, లేదంటే ఊరి పేరూ నెలా చాలు. తెలిసినవాళ్లు అర్థం చేసుకుంటారు, తెలియనివాళ్లు సంతోషిస్తారు. ఇద్దరిలో ఎవరికీ సమాధానాలు చెప్పుకునే పని పడదు.

మధ్యలో ఏళ్లు గడవడానికి మాట పట్టింపు కారణమైన స్నేహాలూ ఉంటాయి. ఫోన్లు మానేసి, పెళ్లికి పిలవక, ఎవరో మధ్యవర్తి పుణ్యాన మళ్లీ కలిసినవాళ్లు. వాళ్లు ‘ఎన్ని వచ్చినా చెక్కుచెదరని స్నేహం’ అని రాస్తే కింద వ్యాఖ్యల్లో అసలు సంగతి తెలిసినవాడొకడు తప్పక దొరుకుతాడు. దానికన్నా నిజంలోంచే ఒక తేలిక ముక్క తీయడం నయం: ‘పికప్‌కి నేనే వచ్చా. పెట్రోలు డబ్బులు వాడే ఇచ్చాడు.’ ఎవరు తగ్గారో ఎవరికీ తెలియదు, ఇద్దరూ తగ్గారని అందరికీ తెలుస్తుంది.

పాట పల్లవి తగిలించడం గురించి కూడా చెప్పాలి, అది పెద్ద అలవాటు కాబట్టి. స్నేహం మీద మన సినిమాల్లో పాటలకి కొదవలేదు. ఎవరి పాటైనా ఎత్తుకుని పెడితే చదివేవాడికి ఆ హీరోలు గుర్తొస్తారు, మీ ఇద్దరూ కాదు. ఇద్దరూ హాస్టల్లో ఆ పాటనే అపశ్రుతిలో పాడి వార్డెన్ చేత తిట్లు తిన్నారనుకోండి, అప్పుడు పల్లవి రాయకుండా వార్డెన్ సంగతి రాస్తే అది మీ పాట అవుతుంది.

ఇక పెట్టే వేళ. రెయిలింగు దగ్గర నిలబడి అప్పటికప్పుడు పెట్టేస్తే కొన్ని ప్రమాదాలున్నాయి. వచ్చిన మనిషి అమ్మకి చెప్పకుండా సర్‌ప్రైజ్ ఇద్దామనుకుని ఉండొచ్చు. మీ ఫొటో తెల్లారేసరికి ఆమె ఫోనుకి చేరిపోతే తలుపు తెరిచేటప్పటికి ఆమె కాఫీ కలిపి ఎదురుచూస్తుంటుంది. ఇంకా ముఖ్యమైనది, చేతిలో ఉన్న బోర్డింగ్ పాస్. దాని మీద పేరు, పీఎన్ఆర్ అనే ఆరు అక్షరాల కోడ్ ఉంటాయి. ఆ రెండూ తెలిస్తే చాలా ఎయిర్‌లైన్స్ సైట్లలో ఎవరైనా ఆ బుకింగ్ తెరిచి చూడొచ్చు. రిటర్న్ టికెట్టు కూడా అదే బుకింగ్‌లో ఉంటే అందులో మార్పులు చేసే వీలు కూడా చిక్కొచ్చు. పేరు చెరిపేసి గీతల కోడ్ వదిలేసినా లాభం లేదు, ఆ వివరాలే అందులోనూ ఉంటాయి. సూట్‌కేసుకి కట్టిన ట్యాగ్ మీద కూడా పేరుంటుంది, కొన్నిటి మీద పీఎన్ఆర్ కూడా. విశాఖ విమానాశ్రయమైతే అది నేవీ వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది కాబట్టి విమానాలవైపు, రన్‌వేవైపు కెమెరా తిప్పకపోవడం మేలు. కార్ పార్కింగ్ దాకా వచ్చాక తీసుకుంటే సరిపోతుంది. కారు డిక్కీలో మూడో సూట్‌కేసు పట్టక ఇద్దరూ దాన్ని కుక్కుతున్న ఫొటో ఎలాగూ కౌగిలింత ఫొటో కన్నా బాగుంటుంది.

మా మేనకోడలు మాత్రం మర్నాడు సాయంత్రం దాకా ఆగి, ముందు స్నేహితురాలికి చూపించి, సరే అన్నాకే పెట్టింది. కాసేపటికి కింద వ్యాఖ్యల్లో ఆ అమ్మాయి దిగింది: ‘డ్రాఫ్టర్ సరే, ముందు నా బకెట్ తెచ్చివ్వు.’ దాంతో హాస్టల్ బ్యాచ్ మొత్తం లేచింది. ఒకరి ఇస్త్రీపెట్టె, ఒకరి మెకానిక్స్ నోట్సు, ఒకరి ఎర్ర చున్నీ. ఇంతవరకూ ఎవరూ ఎవరికీ ఏదీ తిరిగివ్వలేదు.